పెషావర్, 1930: కాల్చమంటే కాల్చని సిపాయిల మీద పిల్లలకు ప్రశ్నలు ఎలా వేయాలి?

నైతిక విద్య టీచర్

అందరికీ నమస్కారం. మా స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకు నైతిక విద్యలో "యుద్ధం, శాంతి: మతాల దృష్టి" అని ఒక యూనిట్ ఉంది. మాకిచ్చిన మెటీరియల్‌లో ఒక్కో మతానికి రెండు పేజీలు, చివర "ఫలానా మతం యుద్ధం గురించి ఏమంటుంది?" అని ఒక ప్రశ్న. పిల్లలు తమ మతం గురించి గొప్పగా, పక్కవాళ్ళ మతం గురించి మర్యాదగా రాసేసి పేపరు ఇచ్చేస్తున్నారు. వాళ్ళలో వాళ్ళకి వాదన పుట్టడం లేదు. అందుకే ఈసారి ముందు ఒక సంఘటన ఇచ్చి, దాని మీద తేల్చుకోలేక గింజుకున్నాకే గ్రంథాలు తెరిపిద్దామనుకుంటున్నాను. నేను రాసుకున్నది ఇది:

1930 ఏప్రిల్ 23, పెషావర్. ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్న రోజులు. కాంగ్రెస్ నాయకుల్ని అరెస్టు చేశారని కిస్సా ఖ్వానీ బజారులో జనం పోగయ్యారు. అదే రోజు పఠాన్ నాయకుడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను కూడా పట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆయన పెట్టిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళంలో చేరే పఠాన్, హింస చేయననీ, పగ తీర్చుకోననీ, తనను బాధపెట్టినవాణ్ణి క్షమిస్తాననీ దేవుడి పేరు మీద ఒట్టు వేయాలి. ఆ రోజు బజారులో ఆర్మర్డ్ కార్లు జనం మీదికి వచ్చాయి. ఆ తర్వాత కాల్పులు. చనిపోయినవాళ్ళు సుమారు 30 మంది అని ప్రభుత్వం అంది. కాంగ్రెస్ విచారణ సంఘం అంతకంటే చాలా ఎక్కువ చెప్పింది. రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌లో రెండు ప్లటూన్ల సిపాయిలు మాత్రం ఆజ్ఞ పాటించలేదు. వాళ్ళు హిందువులు, ఎదుట ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. 17 మందికి కోర్టు మార్షల్‌లో శిక్ష పడింది. హవల్దార్ చంద్ర సింగ్‌కు యావజ్జీవం, మరొకరికి 15 ఏళ్ళు, మిగతావాళ్ళకి 3 నుంచి 10 ఏళ్ళు.

దీని మీద నా మొదటి ప్రశ్న: ఆ సిపాయిలు చేసింది ధర్మమేనా? మీకు తెలిసిన ఏ రెండు మత సంప్రదాయాల ఆధారంగానైనా చెప్పండి. ఇది సరిపోతుందా? ఇంకా ఏం అడగాలి?

ఇద్దరు పిల్లల అమ్మ

మేడం, నాకు ఒక భయం. ఏ మతం శాంతి మతమో పిల్లల చేత తేల్పిస్తారా? మా అమ్మాయి మా మతానికి వ్యతిరేకంగా రాస్తే మార్కులు వస్తాయా, రాయకపోతే పోతాయా? ఇంట్లో ఈ టెన్షన్ ఎందుకు?

నైతిక విద్య టీచర్

లేదండీ, ఏ మతం మంచిదన్నది ప్రశ్నే కాదు. తీర్పు ఎటు ఇచ్చినా మార్కులు ఒకటే. తాను చెప్పినదానికి ఎదురయ్యే గట్టి వాదాన్ని తానే రాసి, దానికి జవాబు చెప్పగలిగిందా అన్నది చూస్తాను. మీ అమ్మాయి సిపాయిలది తప్పని రాసినా నాకు అభ్యంతరం లేదు.

గీతాభిమాని

ఇందులో అంత తర్జనభర్జన ఏముంది? సిపాయి అంటే క్షత్రియ ధర్మం తీసుకున్నవాడు. కురుక్షేత్రంలో ఎదుట తాతా గురువూ ఉన్నారని అర్జునుడు విల్లు దించితే కృష్ణుడు ఒప్పుకున్నాడా? స్వధర్మం వదిలితే పాపం అన్నాడు. ఉప్పు తిని, ఒట్టు వేసి, ఆజ్ఞ వచ్చాక కాల్చననడం గీత ప్రకారం తప్పే. దేశభక్తి కోణంలో వాళ్ళు గొప్పవాళ్ళు, కాదనను. కానీ ప్రశ్న మతం గురించి కదా.

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

గీతాభిమాని గారూ, ఒట్టుకు విలువ ఉందన్న మీ మాట తీసిపారేసేది కాదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. కానీ గీతలో రెండు చోట్ల చూడండి. ఒకటి, కృష్ణుడు చెప్పింది ధర్మ్యమైన యుద్ధం గురించి. ఎదుట ఉన్నది ఆయుధం పట్టి నిలబడ్డ సైన్యం. ఆయుధం లేనివాణ్ణి, పోరాడకుండా చూస్తున్నవాణ్ణి, చేతులు జోడించినవాణ్ణి కొట్టకూడదని మనుస్మృతి ఏడో అధ్యాయంలోనే రాజుకి చెప్పి ఉంది. బజారులో నినాదాలు ఇస్తున్న జనం ఏ లెక్కలోకి వస్తారు? రెండు, పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పాక కృష్ణుడు "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. బాగా ఆలోచించుకో, నీకెలా తోస్తే అలా చెయ్యి అని. ఏ కెప్టెనూ సిపాయితో అలా అనడు.

నన్నడిగితే ఈ కేసుకు గీత కంటే సౌప్తిక పర్వం దగ్గర. అర్ధరాత్రి నిద్రపోతున్న పాండవ శిబిరం మీద పడదామని అశ్వత్థామ అంటే, నిద్రపోయేవాళ్ళని చంపడం ధర్మం కాదని కృపాచార్యుడు వాదిస్తాడు. తెల్లారనీ, పెద్దల్ని అడుగుదాం అంటాడు. అశ్వత్థామ వినడు. చివరికి కృపుడు కూడా వెంట వెళ్ళి, శిబిరం వాకిట్లో కృతవర్మతో కలిసి నిలబడి, పారిపోయి వచ్చేవాళ్ళని చంపుతాడు. తప్పని తెలుసు, నోరు తెరిచి చెప్పాడు, అయినా చేశాడు. గఢ్వాలీ సిపాయి ఆ వాకిలి దగ్గర ఆగిపోయినవాడు. మన పిల్లలకు తిక్కనగారి భారతం అందుబాటులో ఉంది కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టించండి.

మేడం, మీరు రాసినదానిలో ఒక్కటి సరిచూడాలి. సిపాయిలు ఎప్పుడు నిరాకరించారన్నది రెండు రకాలుగా ఉంది. చంద్ర సింగ్ వైపు కథనం ప్రకారం, బజారులోనే కెప్టెన్ కాల్చమన్నాడు, ఈయన ఆపండని అరిచాడు. ప్రభుత్వం వైపు చెప్పేది, మర్నాడు ఊళ్ళోకి డ్యూటీకి వెళ్ళమంటే వాళ్ళు బయల్దేరలేదని. మీ ప్రశ్నకి ఈ తేడా చాలా ముఖ్యం. కళ్ళెదుట మనుషులు ఉండగా వేలు ట్రిగ్గర్ మీద ఆగడం వేరు. రేపు ఏం చేయిస్తారో ఊహించి ముందే రానని చెప్పడం వేరు. రెండోదానికి సమర్థన ఇంకా గట్టిగా కావాలి. రెండు కథనాలూ ఇచ్చి, దేన్ని నమ్మితే తీర్పు ఎలా మారుతుందో రాయమనండి.

ఇంటర్ సెకండియర్

సర్, నేను ట్రై చేస్తాను. సిపాయిలు మానవత్వం చూపించారు కాబట్టి కరెక్ట్. అన్ని మతాలూ శాంతినే చెబుతాయి కాబట్టి ఏ మతం ప్రకారం చూసినా కరెక్టే. ఇదే జవాబు కదా? మోడల్ ఆన్సర్ ఉంటే పెట్టండి, ఈఏపీసెట్ ప్రిపరేషన్‌లో ఉన్నాను.

మాజీ సుబేదార్

బాబూ, నీ జవాబు వినడానికి బాగుంది. నా అనుభవం ఒకటి చెబుతాను, అప్పుడు చూడు. ఉద్యోగంలో ఉండగా ఉత్తరాదిలో ఒక పట్నంలో అల్లర్లప్పుడు మమ్మల్ని దించారు. ఒక వీధిలో కొన్ని కుటుంబాలు తలుపులు వేసుకుని లోపల ఉన్నాయి, వీధి చివర గుంపు. ఆ గుంపులో ఉన్నవాళ్ళది మా కుర్రాళ్ళలో సగం మంది మతమే. మేము అడ్డంగా నిలబడ్డాం. కాల్పుల అవసరం రాలేదు, గుంపు వెనక్కి తగ్గింది. ఆ రోజు మా జవాను ఒక్కడు "వాళ్ళు నా వాళ్ళు, నా మనస్సాక్షి ఒప్పుకోదు, వాళ్ళకి అడ్డం నిలబడను" అని ఉంటే లోపల ఉన్న ఆడవాళ్ళూ పిల్లలూ ఏమయ్యేవారు?

మా యూనిట్‌లో మందిరం, గురుద్వారా, మసీదు అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. సర్వధర్మ స్థల్ అంటాం. అక్కడ పూజ చేసుకుని బయటికి వచ్చాక ఆజ్ఞ ఒక్కటే. అది లేకపోతే సైన్యం అనేది ఉండదు. చంద్ర సింగ్ మీద నాకు గౌరవం ఉంది. కానీ పదిహేడేళ్ళ పిల్లలకు "ఆజ్ఞ నచ్చకపోతే మానెయ్" అని నేర్పొద్దు మేడం.

నైతిక విద్య టీచర్

సుబేదార్ గారూ, మీరు చెప్పింది నా కేసుకి రెండో సగం అవుతుంది. మీ అనుమతి ఉంటే ఊరు, పేర్లు లేకుండా వాడుకుంటాను. "మనస్సాక్షి ఒప్పుకోదు" అన్న ఒకే మాట ఒక చోట ప్రాణాలు కాపాడింది, ఇంకో చోట తీసేది. ఈ రెంటినీ విడదీసే నియమం ఒకటి చెప్పండి అని అడిగితే "మానవత్వం" అన్న ఒక్క మాటతో ఎవరూ తప్పించుకోలేరు.

మాజీ సుబేదార్

వాడుకోండి. ఇంకొకటి కూడా చేర్చండి. ఇప్పటి ఆర్మీ చట్టం 1950లోది. అందులో నేరం అంటే పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆజ్ఞ పాటించకపోవడం. ఏదో ఒక ఆజ్ఞ అని లేదు. కానీ అది చట్టబద్ధమా కాదా అని వీధిలో నిలబడి తేల్చుకునే టైము జవానుకి ఉండదు. తప్పు తేల్చితే కోర్టు మార్షల్ వాడికే.

గోల్కొండ ఆపా

నేను ఉర్దూ మీడియం కాలేజీలో పాఠం చెబుతాను. అందరూ సిపాయి వైపు నుంచే చూస్తున్నారు, బజారులో నిలబడ్డ పఠాన్ సంగతి ఎవరూ అడగడం లేదు. వాళ్ళు చేసిందీ మతపరమైన నిర్ణయమే.

గఫార్ ఖాన్ తన వాళ్ళకి చెప్పింది ఏమిటంటే, ప్రవక్త చేతిలో ఉన్న ఆయుధం సబర్, అంటే ఓర్పు, దానితోపాటు నీతి. మక్కాలో ఆయన, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నారే గాని తిరిగి కొట్టలేదు. కొత్త సిద్ధాంతమేమీ తేలేదు, పాతదాన్నే గుర్తు చేశానని ఆయన వాదన. ఖురాన్‌లో ఆదం ఇద్దరు కొడుకుల కథలో కూడా ఒకడు "నన్ను చంపడానికి నువ్వు చెయ్యెత్తినా, నిన్ను చంపడానికి నేను చెయ్యెత్తను" అంటాడు. పగకి పగ అన్నది పఠాన్లకు తరతరాల ఆచారం. దాన్ని దేవుడి పేరు మీద ఒట్టు వేయించి మానిపించాడు.

కానీ అదే ప్రాంతంలో తురంగ్జయి హాజీ సాహెబ్ ఉన్నారు. గఫార్ ఖాన్ కుర్రతనంలో ఆయనతో కలిసి బడులు పెట్టినవాడు. హాజీ సాహెబ్ తర్వాత కొండల్లోకి వెళ్ళి బ్రిటిష్ వాళ్ళ మీద ఆయుధం పట్టారు. ఆయనకీ ఖురాన్ ఆధారం ఉంది. "మీతో యుద్ధం చేసేవారితో మీరూ చేయండి, హద్దు మీరకండి" అన్న వాక్యం రెండో సూరాలో ఉంది. ఒకే ఊరి చుట్టుపక్కల, ఒకే గ్రంథం, ఒకే శత్రువు, రెండు దారులు. "ఇస్లాం ఏమంటుంది" అని అడిగితే ఈ ఇద్దరిలో ఎవరి జవాబు రాయాలి? అందుకే మీ ప్రశ్న మార్చండి మేడం. "ఏ రెండు మతాల ఆధారంగానైనా" అని కాదు, "ఒకే మతంలోని ఇద్దరు ఈ సంఘటన మీద ఎక్కడ విడిపోతారు" అని అడగండి.

గీతాభిమాని

ఆపా గారు చెప్పింది బాగుంది. అయితే ఆ రోజు జనం పూర్తిగా అహింసగానే ఉన్నారా? నేను చదివినదాని ప్రకారం రాళ్ళు పడ్డాయి, ఒక ఆర్మర్డ్ కారు తగలబడింది.

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

నిజమే. కారు తగలబడింది, మోటార్ సైకిల్ మీద వచ్చిన ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు. జనం మీదికి కార్లు దూసుకొచ్చాక జరిగిందని ఒక వైపు, కాల్పులకు అదే కారణమని ఇంకో వైపు. మేడం, ఇది కేసులోంచి తీసేయకండి. శుభ్రంగా కడిగిన కథ ఇస్తే పిల్లలు తీర్పు ముందే ఊహించేస్తారు. గుంపులో పదిమంది రాయి విసిరితే మిగతా వందల మంది నిరాయుధుల లెక్కలోంచి పోతారా? క్రైస్తవుల న్యాయయుద్ధ సిద్ధాంతంలో అయినా, మన ధర్మయుద్ధ నియమాల్లో అయినా అసలు కష్టం అక్కడే ఉంది.

పాలమూరు పిల్లగాడు

క్రైస్తవం మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్న. మాది పాలమూరు జిల్లా, మా తాతల కాలం నుంచి మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చి. నేను బెంగుళూరులో థియాలజీ చదివేటప్పుడు తెలిసింది, మెన్నొనైట్లు పదహారో శతాబ్దం నుంచి ఆయుధం పట్టకూడదని పట్టుబట్టినవాళ్ళని. దాని కోసం దేశాలు వదిలి పోయిన్రట. మా చర్చిలో ఆదివారం ప్రసంగాల్లో ఈ ముచ్చట నేను ఎన్నడూ వినలే. మా మేనమామ మిలిటరీలో చేసిండు, వచ్చినప్పుడల్లా చర్చిలో అందరూ లేచి ప్రార్థన చేసేవాళ్ళు. అంటే పుస్తకంలో ఉన్న మతం, మా ఊళ్ళో ఉన్న మతం ఒకటి కాదు. ఇది కూడా పిల్లల చేత అడిగిస్తే బాగుంటుంది మేడం: మీ ఇంట్లో పెద్దల్ని అడగండి, యుద్ధం గురించి వాళ్ళకి మతం ద్వారా అసలు ఏం చేరింది అని.

ఆజ్ఞ సంగతికి వస్తే మా వాళ్ళలోనూ చీలికే. రాజు ఇచ్చిన ఆజ్ఞ అన్యాయమే అయినా, పాటించిన సైనికుడికి దోషం అంటకపోవచ్చు, విధేయత వాడి బాధ్యత కాబట్టి పాపం రాజుది అన్నాడు తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీన్. పదకొండు వందల ఏళ్ళ తర్వాత స్పెయిన్‌లో విటోరియా అనే గురువు, యుద్ధం అన్యాయమని సైనికుడికి గట్టిగా తెలిస్తే రాజు చెప్పినా వెళ్ళకూడదు అన్నాడు. సుబేదార్ సార్ అగస్టీన్ పక్క, చంద్ర సింగ్ విటోరియా పక్క అనుకోవచ్చు. ఇద్దరూ ఒకే చర్చి వాళ్ళే.

ఇంటర్ సెకండియర్

అయితే అన్ని మతాలూ శాంతినే చెబుతాయి అన్న నా లైన్ తీసేయాలా? బౌద్ధంలో అయినా క్లియర్‌గా ఉంటుంది కదా?

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

తీసేయక్కర్లేదు నాన్నా, దాని మీద ఆగిపోవద్దు అంతే. బౌద్ధంలో నీకు పనికొచ్చే సంభాషణ ఒకటి ఉంది. యుద్ధంలో పోరాడుతూ చనిపోయినవాడు స్వర్గానికి వెళ్తాడని మా పెద్దలు చెప్పారు, మీరేమంటారు అని ఒక సైనికుల నాయకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు. అడగొద్దంటాడు బుద్ధుడు. మూడోసారి అడిగాక, "వీళ్ళు చావాలి" అన్న మనసుతో పోరాడుతూ పోయినవాడికి దుర్గతే అంటాడు. ఆ సైనికుడు తనను ఇన్నాళ్ళూ మోసం చేశారని ఏడుస్తాడు. స్పష్టంగానే ఉంది. కానీ సుబేదార్ గారి వీధిలో అడ్డం నిలబడ్డ జవాను మనసు "వీళ్ళు చావాలి" అన్న మనసేనా? అక్కడి నుంచి నువ్వు రాయాలి.

ఇక ఒట్టు సంగతి. గీతాభిమాని గారికి బలమైన తోడు ఒకరున్నారు. గాంధీగారు.

గీతాభిమాని

అదెలా సర్? గాంధీగారు గఢ్వాలీల్ని మెచ్చుకుని ఉంటారు కదా. 1931 మార్చిలో వైస్రాయ్ ఇర్విన్‌తో ఒప్పందంలో సత్యాగ్రహ ఖైదీలందరినీ విడిపించారు.

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

హింస చేయని సత్యాగ్రహ ఖైదీలు విడుదలయ్యారు, అంతవరకు మీరన్నది సరే. కానీ అదే ఒప్పందంలో, ఆజ్ఞ ధిక్కరించి శిక్ష పడిన సైనికులకూ పోలీసులకూ ఈ విడుదల వర్తించదని స్పష్టంగా రాశారు. చంద్ర సింగ్ 1941 దాకా జైల్లోనే ఉన్నాడు. ఒప్పందం తర్వాత ఒక ఫ్రెంచి విలేఖరి ఈ సంగతి అడిగితే గాంధీగారి జవాబు సారాంశం ఇది: కాల్చమంటే కాల్చని సైనికుడు తాను చేసిన ప్రమాణం తప్పాడు. ఆజ్ఞ ధిక్కరించమని నేను వాళ్ళకి చెప్పలేను, రేపు అధికారం నా చేతికి వస్తే ఈ సైనికులతోనే పని చేయించాలి, అప్పుడు నా మాటా వినకపోవచ్చు.

అహింసకు పేరుపడ్డ మనిషి, నిరాయుధుల మీద కాల్చనన్న సిపాయిని తప్పుపట్టాడు. మనస్సాక్షి ఒప్పుకోకపోతే అసలు సైన్యంలోనే ఉండకూడదు, ఉన్నంతకాలం ప్రమాణానికి కట్టుబడాలి అన్న తర్కం దాని వెనక ఉందని నేననుకుంటాను. కానీ అధికారం గురించి అన్న ఆ రెండో మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

గోల్కొండ ఆపా

నాకూ పడదు మాస్టారూ. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు ఛాతీ చూపించి నిలబడే అహింస, అవతలివాడు ఏదో ఒక క్షణంలో తుపాకీ దించుతాడన్న ఆశ మీదే కదా నడిచేది. దించినవాణ్ణి తప్పంటే, ఇక నిలబడ్డవాడు ఎవరి మనసు మారాలని నిలబడాలి?

మాజీ సుబేదార్

గాంధీగారు అన్నది నేను అన్నదే. ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది. అయితే ఆపా ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒక తేడా మాత్రం చూస్తున్నాను. గఢ్వాలీలు ఎవరి మీదా తిరగబడలేదు, పారిపోలేదు, శిక్షకి నిలబడ్డారు. పైగా వాళ్ళు కాల్చనన్నది తమ మతం కానివాళ్ళ మీద. మా వీధిలో జవాను ఎవడైనా కాదని ఉంటే అది తనవాళ్ళ కోసం అయ్యేది. నా లెక్కలో ఇవి రెండూ ఒకటి కావు. అయినా క్రమశిక్షణ విషయంలో నా మాట మార్చుకోను.

పాలమూరు పిల్లగాడు

సార్, మీరు ఇప్పుడు చెప్పిందే మేడం అడిగిన నియమం. తనవాళ్ళకి లాభం లేకుండా, తాను నష్టపోవడానికి సిద్ధపడి కాదంటే అది మనస్సాక్షి. కానీ దీనికీ చిక్కుంది. చంద్ర సింగ్ పఠాన్లను పరాయివాళ్ళు అనుకోలేదు గదా, సాటి భారతీయులు, అన్నదమ్ములు అనుకున్నడు. అంటే ఆయనా తనవాళ్ళ కోసమే ఆగిండని ఎవరైనా అనొచ్చు.

నైతిక విద్య టీచర్

ఇవన్నీ పెట్టుకుని యూనిట్ ఇలా మారుస్తున్నాను. మూడు క్లాసులు. మొదటి రోజు సంఘటన మాత్రమే, రెండు కథనాలతో, తగలబడిన కారుతో సహా. మతం మాట ఎత్తను. ఎవరి తీర్పు వాళ్ళు కాగితం మీద రాసి నాకివ్వాలి. రెండో రోజు నలుగురేసి గుంపులు. ఒక్కో గుంపుకి ఒకే సంప్రదాయంలోంచి విభేదించే జంట: కృపుడు కోరిన నియమం, కృపుడు చేసిన పని. గఫార్ ఖాన్, హాజీ సాహెబ్. అగస్టీన్, విటోరియా. బౌద్ధ సంభాషణ విడిగా ఒక గుంపుకి. ఎవరికీ వాళ్ళ ఇంటి మతం ఇవ్వను. మూడో రోజు సుబేదార్ గారి వీధి, దాని వెంటే ఒప్పందంలోని ఆ నిబంధన, గాంధీగారి జవాబు. అప్పుడు మొదటి రోజు కాగితాలు వెనక్కి ఇచ్చి, తీర్పు మారిందా, మారితే ఏ వాస్తవం వల్ల, మారకపోతే ఏ వాదాన్ని తట్టుకుని నిలబడింది అని రాయిస్తాను.

పాలమూరు తమ్ముడు చెప్పిన ఇంట్లో పెద్దల్ని అడిగే పని సెలవులకి ఇస్తాను, మార్కులు ఉండవు.

గీతాభిమాని

ఇంటి మతం ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. తన గ్రంథం తనకే సరిగ్గా తెలియని పిల్లవాడు పక్కవాడి గ్రంథంలో చీలికలు వెతికితే అపార్థాలే మిగులుతాయి. ముందు తనది, తర్వాత ఇతరులది అయితే మేలు.

గోల్కొండ ఆపా

ఇందులో నేను సగం గీతాభిమాని గారి వైపే. మా క్లాసులో ఇలాంటిది చేసినప్పుడు ముస్లిం పిల్లల్ని అందరూ సాక్షులుగా నిలబెట్టి "మీరేమంటారు" అని అడగడం మొదలుపెట్టారు. ఇంటి మతం ఇవ్వకపోతే ఆ బాధ తప్పుతుంది. కానీ గఫార్ ఖాన్ తమవాడని మా పిల్లలకి తెలిసే అవకాశం కూడా పోతుంది. రెండు సెక్షన్లు ఉంటే ఒకదానిలో అలా, ఇంకోదానిలో ఇలా చేసి చూడండి మేడం.

నైతిక విద్య టీచర్

రెండు సెక్షన్లు ఉన్నాయి. అలాగే చేస్తాను. కాగితాలు దిద్దాక రెండు సెక్షన్ల తేడా ఇక్కడే రాస్తాను.

ఇంటర్ సెకండియర్

మేడం, ఒక డౌట్. నేను ఆ సిపాయిని అయితే మొదటి రోజు కాల్చను అని రాస్తాను. మూడో రోజు సుబేదార్ సర్ వీధిలో ఉంటే గుంపు ఆగకపోతే కాలుస్తాను అని రాస్తాను. రెండూ రాయొచ్చా?

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

రాయొచ్చు. ఆ వీధి గుంపులో ఆయుధం లేనివాళ్ళు ఎంతమంది ఉంటే ఆగుతావో కూడా రాయి.